చన్ను కొస నలిగిందా? రంధ్రంలోకి ఏదీ దూర్చకండి

ఈమధ్య ఒక పాడిలో జరిగిన సంగతి విన్నాక ఇది రాస్తున్నాను. రెండో ఈత ఆవు. ఈని వారం దాటినా పొదుగు వాపు ఇంకా దిగలేదు. తెల్లవారుజామున తడినేల మీద లేవబోయి కాలు జారి, తన వెనక గిట్టతోనే కుడి వెనక చన్ను కొసను తొక్కుకుంది. తెగలేదు, నెత్తురు పెద్దగా కారలేదు, కొస కమిలి ఉబ్బింది. పిండితే పాలు రాలేదు. ఇంట్లో పాత సైఫన్ గొట్టం ఉంటే వేడినీళ్లతో కడిగి లోపలికి దూర్చారు. పాలు ధారగా వచ్చేశాయి, గండం గడిచిందనుకున్నారు. సాయంత్రం మళ్లీ అదే, మర్నాడూ అదే. మూడో రోజుకి పాలలో గడ్డలు, తర్వాత పసుపు నీళ్లు, ఒళ్లు కాలే జ్వరం. ఆవు బతికింది గానీ ఆ చన్ను పోయింది.

గిట్ట తొక్కిన దెబ్బకు మందు ఉంది. గొట్టంతో లోపలికి వెళ్లినదానికి మాత్రం చాలాసార్లు ఉండదు. వానలు మొదలై కొట్టం నేల చిత్తడిగా మారే రోజుల్లో, ఈనిక దగ్గరపడి పొదుగులు బరువెక్కే రోజుల్లో ఇలాంటి దెబ్బలు ఎక్కువవుతాయి. కాబట్టి ముందే చదివి పెట్టుకోండి.

గొట్టం ఎందుకు ముంచుతుంది

చన్ను కొసన ఉండే నాళం పొడవు సెంటీమీటరు మాత్రమే, అటూ ఇటూగా. దాని చుట్టూ బిగించి మూసే కండరం, లోపల మైనంలాంటి పొర ఉంటాయి. బయటి సూక్ష్మజీవులు పొదుగులోకి ఎక్కకుండా ఆపేది ముఖ్యంగా ఈ రెండే. దెబ్బతో కొస నలిగినప్పుడు ఈ కాపలా ముందే సగం పోయి ఉంటుంది. ఆ సమయంలో గొట్టమో, ఈనెపుల్లో, గడ్డిపోచో దూర్చామంటే మిగిలిన పొరను గీకేస్తాం, కొస మీది మురికిని నేరుగా పాల తిత్తిలోకి తోసేస్తాం. అక్కడ గోరువెచ్చటి పాలు నిలిచి ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

అయినా జనం ఎందుకు దూరుస్తారంటే భయం వల్ల. పాలు తీయకపోతే పొదుగు పాడైపోతుందని భయం. ఒక పూట పాలు నిలిచినంత మాత్రాన ఏ చన్నూ పోదు. బిగుస్తుంది, ఆవుకి ఇబ్బందిగా ఉంటుంది, అంతే. డాక్టరు వచ్చేదాకా ఆ ఒక్క చన్నును వదిలేసి మిగతా మూడూ పితకండి. పొదుగులో నాలుగు భాగాలూ దేనికది వేరు, ఒకదాని పాలు ఇంకోదానిలోకి పోవు.

డాక్టరు కూడా గొట్టమే పెడతారు కదా అంటారు. పెడతారు. ప్యాకెట్టులోంచి అప్పుడే తీసిన శుభ్రమైన గొట్టం, స్పిరిట్‌తో తుడిచిన కొస, ఆ వెంటనే లోపలికి ఎక్కించే మందు, ఎన్నిసార్లు పెట్టాలో ఎప్పుడు ఆపాలో తెలిసిన చెయ్యి. మన డబ్బాలోని పాత గొట్టానికి ఇందులో ఒక్కటీ లేదు.

మొదటి గంటలో

ఆవును కదలకుండా కట్టి, ముందు చేతులు కడుక్కోండి. గాయాన్ని కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగాలి. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు రెండు చిన్న చెంచాలు. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఒత్తి పట్టుకోండి. మధ్యమధ్య తీసి చూడకండి, గడ్డకట్టినది ఊడిపోతుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను నీటిలో పలుచని టీ రంగు వచ్చేలా కలిపి రాయండి. తోలు తెగకుండా కమిలి ఉంటే గుడ్డలో చుట్టిన మంచుముక్కలతో పది పదిహేను నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు చల్లదనం ఇవ్వండి. మొదటి రోజు వేడి కాపడం వద్దు, వాపు పెరుగుతుంది.

తెగిన గాయమైతే ఒకటే చూడండి: గాయంలోంచి పాలు వస్తున్నాయా? వస్తుంటే తెగుడు లోపలి తిత్తిదాకా వెళ్లిందన్నమాట. దానికి కుట్లు పడాలి, అదీ త్వరగా. పన్నెండు గంటలు దాటితే అంచులు ఉబ్బి, మురికి పట్టి, కుట్లు నిలవవు. అప్పుడు పక్కన చిల్లు మిగిలిపోయి అందులోంచి పాలు కారుతుంటాయి. దాన్ని సరిచేయాలంటే ఆవు వట్టిపోయేదాకా ఆగాల్సి వస్తుంది. నిలువుగా తెగినది అడ్డంగా తెగినదానికన్నా బాగా మానుతుంది. తోలు ముక్క వేలాడుతుంటే కోసెయ్యకండి. దాని పైవైపు అంటుకుని ఉంటే నెత్తురు అందుతూనే ఉంటుంది, కుడితే అతుక్కుంటుంది. అతుకుతుందో లేదో డాక్టరు తేలుస్తారు, కత్తెర మీ చేతిలో వద్దు.

కొస బాగుండి పైతోలు మాత్రమే గీసుకుంటే చేత్తో మెల్లగా పితకొచ్చు. కొసే నలిగితే మిషను పెట్టకండి. ఆ పీల్చుడికి నలిగిన కండరం ఇంకా చితుకుతుంది. చేత్తో ఒకటి రెండు సార్లు మెల్లగా ఒత్తి చూడండి. ధార వస్తే సరే, రాకపోతే వదిలెయ్యండి.

వదిలెయ్యమంటే పుల్ల వెతకమని కాదు.

పాలు రాని చన్ను: ఎక్కడ ఆగిందో వేళ్లతో తెలుసుకోవడం

ఈనిన రోజే నాలుగు చన్నులూ పిండి చూసే అలవాటుంటే సగం గొడవ తగ్గుతుంది. ఒకటి రాకపోతే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పై నుంచి కిందికి మెల్లగా దొర్లించండి. చన్ను పాలతో నిండి మెత్తగా ఉండి, కొసన మాత్రం ఆగిపోతే అడ్డు కొస దగ్గరే ఉంది. అది బాగుపడే అవకాశం ఉన్న రకం. పొదుగు నిండి ఉన్నా చన్ను ఖాళీగా వేలాడుతుంటే అడ్డు పైన, చన్ను పొదుగుతో కలిసే చోట. ఇది కష్టం, తెరిచినా మళ్లీ మూసుకుపోవచ్చు. చన్ను మధ్యలో పెన్సిల్ లాంటి గట్టి తాడు తగిలితే పాత వాపు వల్ల లోపల గట్టిపడిపోయింది. ఇక పొదుగులో ఆ భాగమే చిన్నదై రాయిలా ఉంటే పాలు చేసే కండే పోయింది, చన్ను తెరిచినా వచ్చేదేమీ లేదు.

ఈ నాలుగింటిలో ఏదో ఫోనులోనే డాక్టరుకి చెప్పండి. పుల్లతో పొడిచి చూసి చెప్పకండి. కొస దగ్గర అడ్డున్న బాగయ్యే చన్నే పుల్ల పోటుతో గట్టిపడిన తాడుగా మారుతుంది.

తొలిచూలు పెయ్యలో ఒక చన్ను మొదటి నుంచీ మూగగా ఉంటే, దూడగా ఉన్నప్పుడు పక్క దూడలు దాన్ని చీకి ఉండొచ్చు. ఒకదాన్నొకటి చీకే దూడల్ని విడదీసి కట్టండి.

ఎప్పుడు ఆ చన్నును పితకడం మానెయ్యాలి

మందులు పడినా మళ్లీ మళ్లీ పొదుగువాపు తిరగబెడుతున్న చన్ను, గుక్కెడు నీళ్లపాలకు తిరిగిపోయిన చన్ను, పితికిన ప్రతిసారీ గాయం విచ్చుకుంటున్న చన్ను: ఈ మూడింటిని ఈ ఈతకి ఆపేయడమే మంచిది. మిగతా మూడు చన్నులు కొంత పూడ్చుకుంటాయి కాబట్టి పాలలో సరిగ్గా పావు వంతు తగ్గదు. గాయం వల్ల ఆపిన చన్ను మరుసటి ఈతకి తిరిగి పాలివ్వడమూ ఉంది. గట్టిపడినది రాదు.

కానీ వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉండి పాలలో గడ్డలు పడుతున్న చన్నును ఎండగట్టకూడదు. చీమును లోపల బంధించినట్టే. ముందు వాపు తగ్గాలి, డాక్టరు సరే అనాలి, తర్వాతే ఆపాలి.

ఆపడమంటే పూర్తిగా ఆపడం. రోజు విడిచి రోజు కాస్త తీస్తూ పోతే పాలు ఊరుతూనే ఉంటాయి, కొసన బిరడా పడదు. రెండు మూడు రోజులు బిగుస్తుంది, బిగువు చూసి జాలిపడి పిండకండి. ఆ తర్వాత పాలు లోపలే ఇంకిపోయి మెత్తబడుతుంది. బిగువు పెరుగుతూ వేడెక్కితే, మేత మానేస్తే, జ్వరం 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే మాత్రం అది మామూలు బిగువు కాదు, అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ఇక గుర్తున్నవి గుర్తున్నట్టు:

- ఆపిన చన్ను ఏదో తెలిసేలా కాలికి రంగుపట్టీ కట్టండి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు పితికే చోట తప్పు చన్ను పిండేస్తారు.
- మిషనులో నాలుగో కప్పుకి మూత పెట్టండి, గాలి పీల్చనివ్వకండి.
- దెబ్బ తగిలిన చన్నును చివర పితకండి. ఆ పాలు వేరే గిన్నెలో పట్టి పారబోయండి, నేల మీద పిండకండి.
- ఒక చన్నుకి ట్యూబు మందు ఎక్కిస్తే గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ అమ్మకూడదు, ఇంట్లోనూ వాడకూడదు. మందు నెత్తురులో కలిసి మిగతావాటిలోకీ వస్తుంది.
- వట్టి ఆవుల కోసం చేసిన ట్యూబును పాలిచ్చే ఆవు చన్నులోకి మీ అంతట మీరు ఎక్కించకండి.
- కారం, సున్నం, ఇంజను నూనె, మైలుతుత్తం గాయం మీద వద్దు. చన్ను లోపలికి అసలే వద్దు.
- చన్ను చుట్టూ దారం, రబ్బరు బ్యాండు కట్టకండి. నెత్తురు ఆడక కుళ్లుతుంది.
- పాలు చేపడానికి ఇచ్చే ఇంజెక్షను మూసుకుపోయిన కొసను తెరవదు. ఇవ్వకండి.
- పితికిన వెంటనే మేత వెయ్యండి, అరగంటైనా నిలబడి ఉండాలి. రంధ్రం అప్పుడే మూసుకోదు.
- గాయం మీద ఈగలు వాలనివ్వకండి.
- ఈనబోయే ఆవును జారే నేల మీద కట్టకండి. కింద మందంగా పరుపు వెయ్యండి, లేవడానికి చోటుండాలి.
- పొడవుగా పెరిగిన గిట్టలు ఈనక ముందే చెక్కించండి.
- ముళ్లకంచె తీగ వేలాడుతుంటే ఇవాళే బిగించండి.
- పొదుగు నీలంగా మారి చల్లబడితే తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రైనా ఫోను చెయ్యండి, అక్కడ పోయేది చన్ను కాదు, ఆవు.
- సైఫన్ గొట్టం ఇంట్లో ఉంటే పారెయ్యండి. ఉంటే దూరుస్తారు.
- "ఒక్కసారికి ఏం కాదులే" అని పక్కింటివాళ్లు పుల్ల తెచ్చిస్తే తీసుకోకండి. ఆ ఒక్కసారే చాలు.