బెల్జియం, స్విట్జర్లాండ్ ఫ్రెంచ్‌ను ఇంగ్లీషులోకి మార్చే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మన దగ్గర ఫ్రెంచ్ నేర్పే పుస్తకాలు దాదాపు అన్నీ పారిస్ ఫ్రెంచ్‌నే నేర్పుతాయి. వాటితో చదువుకుని అనువాదంలోకి వచ్చినవాళ్ల చేతికి ఏదో ఒక రోజు బ్రస్సెల్స్ నోటరీ రాసిన దస్తావేజో, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి వచ్చిన ఉద్యోగ ధ్రువపత్రమో వస్తుంది. భాష అంతా తెలిసినట్టే ఉంటుంది. మధ్యలో ‘సెప్తాంత్’ అనో ‘నోనాంత్’ అనో ఒక మాట తగులుతుంది. డిక్షనరీ తీస్తే 70, 90 అని ఉంటుంది. హమ్మయ్య అనుకుని పని కొనసాగిస్తారు. సరిగ్గా అక్కడే ఆగాలి. తెలియని మాటను ఎవరైనా డిక్షనరీలో చూస్తారు కాబట్టి సెప్తాంత్ వల్ల పెద్దగా నష్టం జరగదు. నష్టమంతా తెలిసినట్టు కనిపించే మాటల వల్లే. సెప్తాంత్ కనిపించిందంటే, ఈ పత్రంలోని మామూలు మాటలకు కూడా పుస్తకంలో చదువుకున్న అర్థం ఉండకపోవచ్చు.

ముందు అంకెల సంగతి చూద్దాం. ఫ్రాన్సులో 70ని అరవై-పది అని, 80ని నాలుగు ఇరవైలు అని, 90ని నాలుగు ఇరవైల పది అని చెబుతారు. బెల్జియం, స్విట్జర్లాండ్ వాళ్లు 70కి సెప్తాంత్, 90కి నోనాంత్ వాడతారు. ఒకప్పుడు బెల్జియం పాలనలో ఉన్న కాంగోలోనూ ఇవే వినిపిస్తాయి. 80 దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. బెల్జియం వాళ్లు ఫ్రాన్సు లాగే నాలుగు ఇరవైలు అంటారు. స్విట్జర్లాండ్‌లో రాష్ట్రాల్లాంటి కాంటన్లలో వో, వాలే, ఫ్రీబూర్ వాళ్లు ‘యుయితాంత్’ అంటారు, జెనీవా వాళ్లు నాలుగు ఇరవైలే అంటారు. అంటే సెప్తాంత్ ఒక్కటే చూసి ఇది ఏ దేశం పత్రమో తేల్చకూడదు. యుయితాంత్ కనిపిస్తే మాత్రం స్విట్జర్లాండ్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. చాలా పత్రాల్లో సంఖ్యలను అంకెల్లోనే రాస్తారు కాబట్టి సెప్తాంత్ అసలు కనిపించనే కనిపించదు. అది కనిపించలేదు కదా అని పత్రం ఫ్రాన్సుది అనుకోకండి. తేదీలను అక్షరాల్లో రాసే నోటరీ దస్తావేజుల్లో, జనన ధ్రువపత్రాల్లో, కోర్టు వాంగ్మూలాల్లో, రికార్డింగు విని రాసిన పాఠాల్లో అది ఎక్కువగా బయటపడుతుంది. అక్షరాల్లో రాసిన సంవత్సరాన్ని మార్చాక అదే పత్రంలో అంకెల్లో ఎక్కడైనా ఉందేమో వెతికి సరిచూసుకోవాలి. బెల్జియం పత్రమైతే దీనికి మంచి వీలుంది. అక్కడి జాతీయ రిజిస్టర్ నంబరులో మొదటి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటాయి. మీరు 1978 అని రాసిన మనిషి నంబరు 78తో మొదలవ్వాలి. ‘sept’ అంటే ఏడు అన్న అలవాటు కొద్దీ ఎక్కడైనా పొరపాటు దొర్లితే ఇక్కడ దొరికిపోతుంది.

కాబట్టి అనువాదం మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని దేశం తేల్చుకోవడం. దీనికి భాష కంటే చిరునామా, డబ్బు ఎక్కువ సాయం చేస్తాయి. ఫ్రాన్సు పోస్టల్ కోడ్‌లో ఐదు అంకెలుంటాయి; బెల్జియం, స్విట్జర్లాండ్ రెండింటిలోనూ నాలుగే. ఫోన్ నంబరు ముందు +32 ఉంటే బెల్జియం, +41 ఉంటే స్విట్జర్లాండ్, +243 ఉంటే కాంగో. బ్యాంకు ఖాతా నంబరు BE అక్షరాలతో మొదలైతే బెల్జియం, CH అక్షరాలతో అయితే స్విట్జర్లాండ్. 1'490.– అని వేలకు పైకొమా పెట్టి, చివర గీత గీసి ఉంటే అది స్విస్ ఫ్రాంకుల లెక్క.

దేశం తేలాక, చదవడం మొదలుపెట్టకముందే అనుమానించాల్సిన మాటలను పత్రంలో వెతకడం మంచిది. చదువుతూ ఉంటే అవి కంటికి ఆనవు, తెలిసినవే కదా అని చూపు జారిపోతుంది. ఫైలును టెక్స్టుగా భద్రపరిస్తే రెండు కమాండులతో పని అవుతుంది:

```
grep -niE "septante|huitante|nonante|jeuner|d(î|i)ner|souper|syndic|gymnase|poursuite|lieu d.origine" lettre.txt
grep -niE "(sais|sait|savait|savons|savent) (pas|plus)" lettre.txt
```

మొదటి వరసలో ‘దినే’ను రెండు రకాలుగా పెట్టడానికి కారణం, 1990 నాటి అక్షరక్రమ సవరణ తరువాత దాన్ని టోపీ గుర్తు లేకుండానూ రాస్తున్నారు.

ఈ మాటల్లో మొదట భోజనాల సంగతి చెప్పాలి. ఎక్కువసార్లు తగిలేవి ఇవే. ఫ్రాన్సులో పొద్దున తినేది ‘పెతి దెజునే’, మధ్యాహ్నం ‘దెజునే’, రాత్రి ‘దినే’. బెల్జియం, స్విట్జర్లాండ్, కెనడాలోని కెబెక్‌లో అన్నీ ఒక మెట్టు ముందుకు జరుగుతాయి: పొద్దున ‘దెజునే’, మధ్యాహ్నం ‘దినే’, రాత్రి ‘సూపే’. బెల్జియం నుంచి వచ్చిన ఒక మందుల సూచనలో దినేతో ఒక మాత్ర వేసుకోమని ఉందనుకోండి. ఫ్రాన్సు అలవాటు కొద్దీ ఇంగ్లీషులో డిన్నర్ అని రాస్తే, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర రాత్రికి మారిపోతుంది. వాక్యంలో ఎక్కడా తప్పు కనిపించదు, సరిదిద్దేవాళ్లకూ దొరకదు.

అయితే ఆ దేశం పత్రం కదా అని కళ్లు మూసుకుని లంచ్ అని రాసేయడమూ ప్రమాదమే. హోటళ్లు, పెద్ద కంపెనీలు ఆ దేశాల్లో కూడా ఫ్రాన్సు పద్ధతిలో రాస్తుంటాయి. అందుకే ఒక్క మాటను చూసి కాకుండా, మూడు పూటల్లో పత్రం ఏయే మాటలు వాడిందో చూడాలి. రాత్రికి సూపే అని ఎక్కడైనా ఉంటే దినే మధ్యాహ్నానిదే. పెతి దెజునే అని ఉంటే, దినే రాత్రిది అయ్యే అవకాశం ఎక్కువ. పక్కన గంటలు రాసి ఉంటే గొడవే లేదు. ఏ ఆధారమూ లేకపోతే ఊహించకండి, పని ఇచ్చినవాళ్లను అడగండి. ఇంగ్లీషులో కూడా డిన్నర్ అన్న మాటకు కొన్ని ప్రాంతాల్లో మధ్యాహ్న భోజనం అన్న అర్థం ఉంది కాబట్టి, మందుల విషయంలో మధ్యాహ్న భోజనం, సాయంత్రం భోజనం అని విడమరిచి రాయడమే మేలు.

రెండో కమాండు వెతికేది బెల్జియంకు ప్రత్యేకమైన ఒక అలవాటును. ఫ్రాన్సులో ‘సవ్వార్’ అంటే తెలియడం, చేయడం రావడం. శరీరానికి చేతకావడం, వీలుపడటం అన్నప్పుడు ‘పువ్వార్’ వాడతారు. బెల్జియంలో మాట్లాడేటప్పుడు పువ్వార్ ఉండాల్సిన చోట్ల చాలామంది సవ్వార్ అనేస్తారు. రేపు రాలేను అనడానికీ అదే మాట. ప్రమాదంలో దెబ్బ తగిలిన మనిషి వాంగ్మూలంలో చెయ్యి ఎత్తడం గురించి ఆ క్రియ వచ్చిందంటే, అతనికి చెయ్యి ఎత్తడం తెలియదని కాదు, ఎత్తలేకపోతున్నాడని. ఇంగ్లీషులో ‘డజ్ నాట్ నో హౌ’ అని రాస్తే బీమా కంపెనీ దాన్ని చదివి ఏమనుకుంటుందో ఆలోచించండి. ఇలాంటి వాక్యం తగిలిన ప్రతిచోటా, ఇక్కడ నేర్చుకుంటే వచ్చే పని గురించి చెబుతున్నారా, శక్తి గురించి చెబుతున్నారా అని ఆగి చూడాలి.

ఇక స్విట్జర్లాండ్ పత్రాల్లో ఎక్కువ మందిని దెబ్బతీసేది ‘పుర్సుయిత్’. ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. లోజాన్ దగ్గర ఉండే ఒక మహిళ ఇంగ్లీషు మాట్లాడే దేశానికి వెళ్లడానికి దరఖాస్తు పెడుతోంది అనుకుందాం. ఆమె ఇచ్చిన కట్టలో మూడు పత్రాలున్నాయి: పుర్సుయిత్‌ల రిజిస్టర్ నకలు, వ్యక్తిగత వివరాల ధ్రువపత్రం, పనిచేసిన చోటు నుంచి ఒక ఉత్తరం.

మొదటి దానిలో ఒకే ముఖ్యమైన మాట, ఏమీ లేవు అని. ఫ్రాన్సు ఫ్రెంచ్‌లో చట్టానికి సంబంధించిన పత్రంలో పుర్సుయిత్ అనగానే ప్రాసిక్యూషన్ గుర్తొస్తుంది. అలా రాస్తే ఆ కాగితం పోలీసు క్లియరెన్సులా కనిపిస్తుంది. నిజానికి అది అప్పుల రిజిస్టరు. స్విట్జర్లాండ్‌లో బాకీల వసూలు, దివాలా వ్యవహారాలు 1889 నాటి ఫెడరల్ చట్టం కింద నడుస్తాయి. ఎవరిమీదైనా బాకీ వసూలుకు చర్య మొదలైతే అక్కడి వసూలు కార్యాలయం రిజిస్టరులో నమోదవుతుంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు యజమానులు చూపించమనేది ఈ నకలే. ఇంగ్లీషులో దాన్ని డెట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ రిజిస్టర్ అనాలి. నేరాల రికార్డుకు వేరే పత్రం ఉంది, దాని పేరు ‘కాజియే జుదిసియేర్’. అది కట్టలో లేకపోతే ఉన్నట్టు అనిపించేలా అనువాదం ఉండకూడదు.

రెండో పత్రంలో ‘ల్యు దొరిజిన్’ అన్న గడి ఉంటుంది, ఎదురుగా ఒక ఊరి పేరు. అలవాటుగా చెయ్యి పుట్టిన స్థలం అని రాయబోతుంది. అది తప్పు. స్విస్ పౌరులకు ఏదో ఒక ఊరి పౌరసత్వం వంశపారంపర్యంగా వస్తుంది, ఆ ఊరి పేరే ఇక్కడ రాస్తారు. ఆ మనిషి అక్కడ పుట్టి ఉండకపోవచ్చు, ఒక్కసారైనా అక్కడికి వెళ్లి ఉండకపోవచ్చు. స్విస్ పాస్‌పోర్టులో కూడా పుట్టిన ఊరి చోట ఇదే ఉంటుంది. ఇంగ్లీషులో ప్లేస్ ఆఫ్ ఆరిజిన్ అని ఉంచి, అది పుట్టిన స్థలం కాదని అనువాదకుడి గమనిక ఒకటి చేర్చాలి. లేకపోతే జనన ధ్రువపత్రంలో వేరే ఊరు కనిపించి, తప్పు సమాచారం ఇచ్చిందన్న అనుమానం ఆమె మీద పడుతుంది.

మూడో ఉత్తరంలో ఆమె జిమ్నాజ్‌లో ఆరేళ్లు పాఠాలు చెప్పిందని ఉంది, కింద ఊరి సాన్‌దిక్ సంతకం ఉంది. ఫ్రాన్సులో జిమ్నాజ్ వ్యాయామశాల, సాన్‌దిక్ అపార్టుమెంట్ల నిర్వాహకుడు. లోజాన్ ఉన్న వో కాంటన్‌లో జిమ్నాజ్ మన ఇంటర్మీడియట్‌తో పోల్చదగ్గ చదువు చెప్పే విద్యాసంస్థ, సాన్‌దిక్ ఊరి మేయరు. ఫ్రాన్సు అర్థాలతో మారిస్తే టీచరు వ్యాయామ శిక్షకురాలైపోతుంది, ఆమె అనుభవమంతా వేరే ఖాతాలోకి వెళ్లిపోతుంది. స్విట్జర్లాండ్ మొత్తానికీ ఒకే జాబితా తయారు చేసుకోవడం కుదరదు కూడా. జెనీవాలో అదే స్థాయి చదువును కొలేజ్ అంటారు, ఫ్రాన్సులో కొలేజ్ అంటే అంతకంటే కింది తరగతుల బడి. జెనీవాలో మేయరును మేర్ అనే అంటారు. అందుకే పత్రం ఏ కాంటన్‌దో కూడా రాసి పెట్టుకోవాలి.

సరిచూసుకోవడానికి సాధారణ ఫ్రెంచ్-ఇంగ్లీషు డిక్షనరీ ఈ పనికి సరిపోదు, అందులో ఫ్రాన్సు అర్థమే మొదట ఉంటుంది. స్విస్ ఫెడరల్ ఛాన్సలరీ నడిపే టెర్మ్‌డాట్‌లో అక్కడి ప్రభుత్వ పదాలకు ఇంగ్లీషు సమానార్థకాలు ఉచితంగా దొరుకుతాయి. కెబెక్ పత్రాలకు అక్కడి ఫ్రెంచ్ భాషా కార్యాలయం వారి పదకోశం ఉంది. బెల్జియం మాటలకు, వెతికే చోట site:.be అని చేర్చి అక్కడి మునిసిపాలిటీలు, విశ్వవిద్యాలయాలు ఆ మాటను ఏ సందర్భంలో వాడుతున్నాయో చూడటం బాగా పనికొస్తుంది. అలా తేల్చుకున్న ప్రతి మాటనూ దేశం, కాంటన్ పేరుతో సహా మీ పదకోశంలో fr-BE, fr-CH, fr-CA అని విడివిడిగా దాచండి. అన్నిటినీ ఒకే fr కింద కలిపేస్తే, లోజాన్ జిమ్నాజ్ కోసం పెట్టుకున్న అర్థం రేపు ఫ్రాన్సులోని లియోన్ నుంచి వచ్చిన పత్రంలోకి వచ్చి, నిజమైన వ్యాయామశాలను బడిగా మార్చేస్తుంది.