చెన్‌రెజిగ్ ధ్యానం ఎలా చేస్తారు? వెలుగు రూపాన్ని ఊహించే టిబెట్ సాధకులు ఏమంటారు?

టిబెట్ బౌద్ధంలో దేవతా ధ్యానం అనగానే చాలామందికి కలిగే సందేహం ఒకటే. కళ్ల ముందు లేని రూపాన్ని గంటసేపు ఊహించుకుంటే అది పగటికల కాక మరేమిటి? సాధకులు దీనికి వాదనతో జవాబు చెప్పరు, ధ్యానం చేసే క్రమాన్నే చూడమంటారు. అందుకే ఒక్క ధ్యానాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇది చెన్‌రెజిగ్ ధ్యానం. మనం అవలోకితేశ్వరుడు అని పిలిచే కరుణామూర్తినే టిబెటన్లు చెన్‌రెజిగ్ అంటారు. ఎక్కువమంది చేసే పద్ధతి 15వ శతాబ్దపు సిద్ధుడు థాంగ్‌తోంగ్ గ్యాల్పో కూర్చినది. ఆయన టిబెట్ నదుల మీద ఇనుప గొలుసుల వంతెనలు కట్టించిన మనిషి కూడా. చిన్న పద్ధతి కావడంతో మఠాల్లోని భిక్షువులే కాక ఇళ్లలో సామాన్యులూ రోజూ చేసుకుంటారు.

ముందు అనుమతి సంగతి

ఈ సంప్రదాయంలో దేవతా ధ్యానానికి గురువు దీక్షగా ఇచ్చే అభిషేకం గానీ, పాఠాన్ని ఆయన నోట వినడం గానీ ఉండాలంటారు. చెన్‌రెజిగ్ విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. దేవతను తల మీదనో, ఎదురుగానో ఊహించి మంత్రం జపించడానికి ఎవరికీ అడ్డు లేదని సాధారణంగా చెబుతారు. తననే దేవతగా భావించే భాగానికి మాత్రం అనుమతి తీసుకోమంటారు. ఉగ్ర దేవతల ధ్యానాల జోలికి పుస్తకం చూసి వెళ్లకపోవడమే మంచిది.

కూర్చున్నాక మొదటి పని

నేరుగా రూపం దగ్గరికి వెళ్లరు. ముందు బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు వేడతారు. ఈ సాధన నా ఒక్కడి కోసం కాదు, ప్రాణులన్నిటి కోసం అని సంకల్పం చెప్పుకుంటారు. సంకల్పం చెప్పుకోవడం మనకూ అలవాటే కాబట్టి ఇది కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. ఇక్కడ ఆ ప్రాణులు తన చుట్టూ నిజంగానే కూర్చున్నట్టు భావించాలి. ఆ తర్వాత ఊహించే దేవత తన తల మీదే కాదు, వాళ్లందరి తలల మీదా ఉంటాడు.

రూపాన్ని కట్టడం

నడినెత్తికి కాస్త పైన తెల్లని తామర, దాని మీద పరుపులా పరుచుకున్న చంద్రబింబం. ఆ బింబం మీద హ్రీః అనే అక్షరం తెల్లగా మెరుస్తూ నిలబడుతుంది. టిబెట్ లిపి రానివాళ్లు తమకు వచ్చిన లిపిలో ఊహించుకోవచ్చని చాలామంది గురువులు అంటారు. ఆ అక్షరమే చెన్‌రెజిగ్‌గా మారుతుంది.

మేని రంగు శరత్కాలపు చంద్రుడిలా తెలుపు, దాని నుంచి ఐదు రంగుల కాంతి వెలువడుతూ ఉంటుంది. ముఖం ఒకటి, చేతులు నాలుగు. పై రెండు చేతులూ గుండె దగ్గర జోడించి ఉంటాయి. కింది కుడిచేతిలో స్ఫటికమాల, ఎడమచేతిలో తెల్లతామర. పట్టుబట్టలు, నగలు, ఎడమ భుజం మీంచి ఎదపైకి జారిన జింకచర్మం. కిరీటం మీద అమితాభ బుద్ధుడు. పద్మాసనంలో కూర్చుని చిరునవ్వుతో చూస్తూ ఉంటాడు.

ఇదంతా ఒకేసారి కళ్లకు కట్టాలని పట్టుబడితే ఏదీ నిలవదు. కొత్తవాళ్లు ఒక మంచి థంకాను, అంటే గుడ్డ మీద వేసిన చిత్రాన్ని, ఎదురుగా పెట్టుకుని కాసేపు చూసి కళ్లు వాల్చుకుంటారు. మొదట తెల్లగా, మనిషి ఆకారంలో ఏదో ఉందన్నంత మోటుగా రూపాన్ని పట్టుకుని, వివరాల కోసం వెతక్కుండా దాన్నే నిలపాలి. అది కుదుటపడ్డాక ఒక్క వివరానికి వెళ్లాలి. చాలామంది కళ్ల దగ్గర మొదలుపెడతారు. నాకు మాలతో మొదలుపెట్టడం సులువనిపిస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక స్ఫటికపు పూస, దాని లోపలికి దిగిన అరచేతి తెలుపు, వేళ్లు కదిలినప్పుడు ఆ పూస జారి వెనకది దాని చోటుకి రావడం. ఆ చేయి స్పష్టపడ్డాక మిగతా రూపం మళ్లీ మసకబారుతుంది. అప్పుడు మళ్లీ మొత్తం మీదికి రావాలి. ఇలా మొత్తానికీ ముక్కకీ మధ్య తిరగడమే అభ్యాసం.

తరచూ జరిగే పొరపాట్లు రెండు. రూపం పటంలోలా పలచగా, వెనకభాగం లేకుండా ఉండిపోవడం ఒకటి. వీపు, చెవి వెనక జుట్టు, పక్క నుంచి చూస్తే జోడించిన చేతులు ఎలా ఉంటాయో ఊహిస్తే ఇది తగ్గుతుంది. రెండోది, పాలరాతి విగ్రహంలా గట్టిపడిపోవడం. గురువులు దీన్ని ఎక్కువ సరిచేస్తారు. లోపల మాంసం, ఎముక, రాయి ఏవీ లేవు. కనిపిస్తూనే చేతికి అందని ఇంద్రధనుస్సులా ఉండాలని గుర్తుచేస్తారు.

కొందరికి మనసులో బొమ్మలు అసలు రావు. అలాంటివాళ్లకు ‘తల మీద ఆయన ఉన్నాడు, నన్ను చూస్తున్నాడు’ అన్న భావన నిలిస్తే మొదట్లో అంతే చాలు.

స్పష్టత విషయంలో పరిశోధకులకూ ఆసక్తి కలిగింది. మరియా కొజెవ్నికోవ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో దేవతా ధ్యానం చేసేవాళ్లకు, రూపం లేని ధ్యానం చేసేవాళ్లకు ఆకారాలను మనసులో తిప్పి పోల్చే పరీక్షలు పెట్టారు. ధ్యానానికి ముందు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 20 నిమిషాల ధ్యానం తర్వాత మాత్రం దేవతా ధ్యానం చేసినవాళ్లు బాగా మెరుగుపడ్డారు. ఏళ్ల సాధన వల్ల ఈ శక్తి ఎప్పుడూ వెంట ఉంటుందని దీని అర్థం కాదు, ధ్యానం చేసిన వెంటనే అందుబాటులోకి వస్తుందన్నమాట. సాధకులకు ఇది పెద్ద విశేషం కాదు. వాళ్ల లెక్కలో స్పష్టత మూడింట ఒక వంతు పని మాత్రమే.

మిగతా రెండు వంతులు

రెండోది, రూపంలోని ప్రతి అంగానికీ అర్థం గుర్తుంచుకోవడం. ఒకే ముఖం అంటే సర్వానికీ ఉన్న స్వభావం ఒక్కటే అని. నాలుగు చేతులు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. తెలుపు అంటే మచ్చ లేకపోవడం. వీటిని వరుసగా అప్పజెప్పుకోనక్కర్లేదు. అక్కడున్నది ఎవరో వ్యక్తి కాదు, ఈ గుణాలే అలా ఆకారం కట్టాయన్న ఎరుక ఉండాలి.

మూడోది కష్టమైనది. తల మీది చెన్‌రెజిగ్ నుంచి కాంతి దిగివచ్చి తననూ చుట్టూ ఉన్నవాళ్లనూ నింపుతుంది. లోకం అమితాభుడి శుద్ధలోకమైన సుఖావతి అవుతుంది, అందరి దేహాలూ చెన్‌రెజిగ్ దేహాలవుతాయి. అప్పుడు ‘నేనే ఇది’ అని స్థిరంగా నిలబడాలి. టిబెటన్లు దీన్ని దేవతా గర్వం అంటారు. బయటివాళ్లకు అపార్థం కలిగేది ఇక్కడే. ‘మామూలు మనిషినై ఉండి దేవుణ్ణని నటించడం ఏమిటి?’ అని అడిగితే, సాధకులు ప్రశ్నను తిప్పి వేస్తారు. నువ్వు పొద్దున లేచిన దగ్గర్నుంచి మోస్తున్న ‘నేను’ మాత్రం ఏమిటి? పేరు, కోపం, పాత అవమానాలు, అద్దంలో ముఖం అన్నీ కలిపి నువ్వు కట్టుకున్న రూపమే కదా? దాన్ని నిజమనుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటును కదిలించడానికి మేం తెలిసి ఇంకో రూపం కడుతున్నాం. పైగా కరుణ అనేది తమలో మొదటి నుంచీ ఉన్నదే కాబట్టి, రెండిట్లో దేవతా రూపమే నిజానికి దగ్గర అని కూడా అంటారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మన ఇష్టం, కానీ వాళ్లు చేస్తున్నది నటన అనలేం.

ఇది మామూలు గర్వంగా మారిందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అందరి తలల మీదా దేవత ఉన్నాడని మొదట్లోనే అనుకున్నాం. నేను మాత్రమే చెన్‌రెజిగ్, ఎదుటివాడు మామూలువాడు అనిపిస్తే ధ్యానం దారి తప్పినట్టే.

జపం

రూపం నిలిచాక ‘ఓం మణి పద్మే హూం’ జపిస్తారు. టిబెటన్ల నోట అది ‘ఓం మణి పేమే హుంగ్’ అవుతుంది. చేతిలో 108 పూసల మాల. ఓపికను బట్టి ఒక మాల గానీ పది గానీ. లెక్క పూర్తిచేయాలన్న తొందరలో రూపం జారిపోతుంది. అలాంటప్పుడు వేగం తగ్గించి రూపం దగ్గరికి రావాలి. రూపం మీద దృష్టి పెట్టి మనసు అలిసిపోతే దాన్ని వదిలి శబ్దం మీద నిలవొచ్చు.

కరిగించడం

ఇది లేకపోతే ఇంతసేపు చేసింది సగం పనే. కట్టినదాన్ని బయట నుంచి లోపలికి విప్పుతూ రావాలి. సుఖావతి లోకం అందులోని ప్రాణుల్లో కలుస్తుంది. వాళ్లు కాంతిగా మారి చెన్‌రెజిగ్‌లో, ఆయన నాలో, నేను గుండెలోని హ్రీః అక్షరంలో. ఆ అక్షరం కింది నుంచి పైకి కరుగుతూ పోయి చివరి కొస కూడా మాయమవుతుంది. తర్వాత ఊహించడానికేమీ లేదు, ఊహించకూడదు కూడా. ఆలోచన మళ్లీ లేచేదాకా అలాగే ఉండిపోవాలి. కొత్తవాళ్లకు అది కొద్ది క్షణాలే.

మన పూజలో చివర ఉద్వాసన చెప్పి దేవతను స్వస్థానానికి పంపిస్తాం. ఇక్కడ పంపడానికి వేరే చోటు లేదు. దేవత ఎక్కడి నుంచి వచ్చాడో, ‘నేను’ ఎక్కడి నుంచి వచ్చానో ఆ శూన్యతలోకే రెండూ పోతాయి. అందుకే ఇది పగటికల కాదని సాధకులు అంటారు. పగటికలలో ఉన్నవాడికి అది తాను కట్టినదన్న స్పృహ ఉండదు, దాన్ని తన చేత్తో విప్పాలనీ అనుకోడు.

లేచే ముందు, లేచాక

ఆ ఖాళీలోంచి, నీళ్లలోంచి చేప ఎగిరినంత సులువుగా, మళ్లీ చెన్‌రెజిగ్ రూపంలో లేచినట్టు భావిస్తారు. పుణ్యాన్ని అందరికీ ధారపోసి లేస్తారు. ఇక కనిపించేవన్నీ ఆయన రూపాలు, వినిపించేవన్నీ మంత్రం, వచ్చే ఆలోచనలన్నీ ఆయన జ్ఞానం అనుకుంటూ పనుల్లో పడాలి. మొదట్లో ఇది వంటింటి దాకా కూడా నిలవదు. రోజులో ఒకటి రెండుసార్లు గుర్తొస్తే సరిపోతుందని గురువులు సర్దిచెబుతారు.

మొత్తం అరగంటకు మించకుండా మొదలుపెట్టడం మేలు. రూపాన్ని బలవంతంగా పట్టి ఉంచితే కణతలు నొక్కినట్టు, గుండె దగ్గర బిగిసినట్టు, కారణం లేకుండా చిరాకు వచ్చినట్టు ఉంటుంది. టిబెట్ వైద్యులు దీన్ని దేహంలో కదిలే ప్రాణశక్తి చెదరడం అంటారు. ఇలా అయితే ఆ పూటకు ధ్యానం ఆపి, భోంచేసి, కాసేపు నడిచి, మర్నాడు సగం సమయమే కూర్చోవాలి. రోజుల తరబడి తగ్గకపోతే ధ్యానం మానేసి, గురువుకూ డాక్టరుకూ చెప్పాలి.