గోదారి మాటకు తెలుగు సబ్‌టైటిల్ రాయడం ఎలా?

కోనసీమలో తీసిన షార్ట్ ఫిల్మ్‌కి తెలుగులోనే సబ్‌టైటిల్స్ వేస్తున్నారనుకుందాం. వినికిడి లేనివాళ్లూ, ఫోన్‌లో సౌండ్ ఆపేసి చూసేవాళ్లూ వాటిమీదే ఆధారపడతారు. కానీ మనవాళ్లు మాట్లాడే వేగానికి కన్ను అందుకోలేదు.

ముందు కొలత తేల్చుకోండి. ఎక్కువగా వాడే పద్ధతిలో ఒకేసారి రెండు వరుసలు, వరుసకు 42 క్యారెక్టర్లు. చదివే వేగం సెకనుకు 17 అనుకుందాం. తీసుకునే సంస్థను బట్టి ఇది మారుతుంది, అడిగి తెలుసుకోండి. తెలుగులో ఒక చిక్కుంది. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘గోదారి’ కంటికి మూడక్షరాలే, లెక్కలో 6. అందుకే వేళ్లమీద లెక్కపెట్టకండి. Subtitle Edit లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి సబ్‌టైటిల్‌కీ వేగం చూపిస్తుంది.

తర్వాత డైలాగ్‌ని విన్నది విన్నట్టు రాసి, సమయం చూడండి. లంక రేవులో పడవవాడు అంటున్నాడు: “అబ్బాయిగారూ, అలా తొందరపడిపోతే ఎలాగండీ? గోదారి పొంగిపోతందండీ. ఇయ్యాల పడవ ఎయ్యరండీ. రేపొద్దున్న నీళ్లు తగ్గితే నేనే దాటించేత్తానండీ, ఆయ్.” మొత్తం 135 క్యారెక్టర్లు, 7 సెకన్లు. రెండు వరుసల్లో 84కి మించి పట్టవు కాబట్టి రెండు ముక్కలు చేయాలి. ఆయన ఊపిరి తీసుకున్నచోట, అంటే ‘ఎయ్యరండీ’ తర్వాత, విడగొడదాం.

మొదటి ముక్కకు 4 సెకన్లు, అంటే 68 క్యారెక్టర్లు. ఉన్నవి 81. ఇక్కడ ‘అలా తొందరపడిపోతే ఎలాగండీ’ తీసేయొచ్చు, అబ్బాయి తొందర తెరమీద కనబడుతూనే ఉంది. రెండో ముక్కకు 3 సెకన్లు, 51 క్యారెక్టర్లు. ఉన్నవి 53. చాలామంది చటుక్కున ‘ఆయ్’ కొట్టేస్తారు. నేనైతే ‘నీళ్లు’ తీసేస్తాను. గోదారి పొంగుతోందని ఇప్పుడే చదివారు, తగ్గేది ఏమిటో తెలిసిపోతుంది. ‘తగ్గితే’ని మాత్రం ముట్టుకోకండి. అది పోతే, షరతుమీద ఇచ్చిన మాట కాస్తా ఖాయమైన హామీ అయిపోతుంది. ‘నేనే’లో పడవవాడి ఆప్యాయత ఉంది, ‘అండీ’లో ఇద్దరి మధ్య వరస ఉంది. ‘దాటించేత్తానండీ’ని ‘దాటిస్తాను’ అని దిద్దితే చోటు మిగులుతుంది గానీ మనిషి మారిపోతాడు.

```
41
00:12:05,000 --> 00:12:09,000
అబ్బాయిగారూ, గోదారి పొంగిపోతందండీ.
ఇయ్యాల పడవ ఎయ్యరండీ.

42
00:12:09,080 --> 00:12:12,080
రేపొద్దున్న తగ్గితే
నేనే దాటించేత్తానండీ, ఆయ్.
```

ఇప్పుడు ఇవి 54, 45. వరుస ఎక్కడ విరవాలో అర్థాన్ని బట్టి చూడండి. ‘పడవ’ పై వరుసలో, ‘ఎయ్యరండీ’ కింది వరుసలో పడితే చదివేవాళ్లు తడబడతారు. రెండు సబ్‌టైటిల్స్ మధ్య రెండు ఫ్రేముల ఖాళీ వదలండి (సెకనుకు 25 ఫ్రేములైతే 80 మిల్లీసెకన్లు). లేకపోతే మాట మారినట్టు కన్ను పట్టుకోలేదు. ఫైలును UTF-8 లో సేవ్ చేయండి, లేదంటే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు రావచ్చు.

చివరగా, కథ తెలియని ఒకరికి సౌండ్ ఆపేసి ఆ సీన్ చూపించండి. “పడవ ఎప్పుడు వేస్తారట?” అని అడగండి. “రేపు” అని ఊరుకుంటే, ‘తగ్గితే’ వాళ్ల కంట పడలేదన్నమాట. 42వ సబ్‌టైటిల్‌ని మరో అర సెకను ఉంచి చూడండి, తర్వాతి డైలాగ్‌కి అడ్డు రానంతవరకు.