మూడు వైర్ల కొలత లిమిట్‌లోనే ఉంది, గో రింగ్ మాత్రం ఎక్కట్లేదు

M12×1.75 థ్రెడ్, 6g. పిచ్ డయామీటర్ 10.679 నుంచి 10.829 మి.మీ. మధ్య ఉండాలి. మొన్న లేత్ మీద తీసిన పీస్‌కి వైర్ల మీద కొలత 12.330 వచ్చింది, చార్ట్‌లో గరిష్ఠం 12.3445 కాబట్టి పాస్ అనుకున్నాను, తీరా గో రింగ్ పెడితే ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది.

60 డిగ్రీల థ్రెడ్‌కి లెక్క ఇది:

```
M = E - 0.86603*P + 3*W
```

M వైర్ల మీద వచ్చే కొలత, E పిచ్ డయామీటర్, P పిచ్, W వైరు మందం. ఈ పిచ్‌కి సరైన వైరు 0.57735*P, అంటే 1.0104. చార్ట్ దాని మీదే వేశారు. నా చేతిలోవి 1.000 వైర్లు! తేడా వెంట్రుక మందం కూడా లేదు కదా అనిపిస్తుంది కానీ, లెక్కలో W మూడింతలవుతుంది కాబట్టి 0.031 తేడా వచ్చేస్తుంది. 1.000తో మళ్లీ వేస్తే గరిష్ఠం 12.3135. నా పీస్ అసలు పిచ్ డయామీటర్ 10.8455, అంటే 0.0165 ఎక్కువ. ఇంకొక సన్నటి కట్ తీస్తే రింగ్ ఎక్కింది.

అందుకే చార్ట్ చూసే ముందు మూడు వైర్లనూ మైక్రోమీటర్‌తో విడివిడిగా కొలవండి, వచ్చిన కొలతనే W చోట వేయండి. మూడూ ఒకేలా లేకపోతే ఆ సెట్ పక్కన పెట్టేయండి.

కొలత ప్రతిసారీ మారుతోందా? ముందు గాడిలో చిప్స్, బర్ చూడండి, బ్రష్‌తో తుడవండి. రెండు వైర్లు ఒక వైపు పక్కపక్క గాళ్లలో, మూడోది ఎదురుగా వాటి మధ్య గాడిలో ఉండాలి. వైర్లు జారిపోతుంటే కొంచెం గ్రీజు పెట్టండి, కానీ మైక్రోమీటర్ మూతి తగిలేచోట గ్రీజు ఉండకూడదు. రాచెట్‌తోనే బిగించండి, చేత్తో గట్టిగా బిగిస్తే వైర్లు గాడిలోకి నొక్కుకుపోయి కొలత తక్కువ చూపిస్తుంది.

లెక్క సరైనదే, అయినా రింగ్ ఎక్కట్లేదా? అప్పుడు అనుమానం థ్రెడ్ ఆకారం మీదికి వెళ్లాలి. 1.10 లాంటి ఇంకో సైజు వైర్లతో కొలిచి E లెక్కేయండి. రెండు E లు బాగా తేడా వస్తే కోణం 60 కాదు, టూల్ గ్రైండింగ్ చూసుకోవాలి. ఒకేలా వస్తే పిచ్ తప్పి ఉండొచ్చు: రింగ్ పొడవులో పిచ్ 0.01 తప్పితే రింగ్‌కి పిచ్ డయామీటర్ సుమారు 0.017 పెరిగినట్టే, వైర్లకు మాత్రం అది కనిపించదు. టూల్ ఒక పక్కకి వాలి ఉన్నా ఈ రెండు సైజుల పరీక్షకు దాదాపు దొరకదు, దానికి ప్రొఫైల్ ప్రొజెక్టర్ మీద పెట్టి రెండు వైపుల కోణాలూ విడిగా చూడాల్సిందే.