మొదటి యాప్ – 3వ పాఠం: గోరంత చోటులో పులి

పోయిన పాఠం చివర మీ యాప్‌ని ప్లే స్టోర్‌కి పంపడానికి కావలసిన ఫైళ్లు సిద్ధం చేసుకున్నాం. ఈ పాఠంలో కోడ్ జోలికి పోము. ఐకాన్, పేరు, పేరు కింద వచ్చే ఒక్క వాక్యం, ఈ మూడే చూస్తాం. మీ ఆట ఎంత బాగున్నా, స్టోర్‌లో వెతికేవాడి వేలు ఆగేదీ ఆగకుండా ముందుకు పోయేదీ వీటిని బట్టే.

ఉదాహరణకి మా ఇంట్లో సంగతే తీసుకుందాం. కడపలో డిగ్రీ చదివే మా మేనల్లుడు పులిజూదం ఆటని ఫోన్‌లోకి తెచ్చాడు. రచ్చబండ మీదో, ఇంటి ముందు అరుగు మీదో నాపరాయి మీద సుద్దతో గీసి ఆడేవాళ్లమే, అదే ఆట. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు గళ్లు. పులి మేక మీదుగా దూకి దాన్ని తింటుంది, మేకలు గుంపుగా చేరి పులిని కదలకుండా కట్టేస్తాయి. ఆట బాగానే చేశాడు. ఐకాన్ మాత్రం నాలుగుసార్లు మార్చాల్సి వచ్చింది. ఆ నాలుగు ప్రయత్నాలే ఈ పాఠం.

మొదటి ఐకాన్‌లో ఆట పటం మొత్తం పెట్టేశాడు. కడప నల్లరాయి రంగు నేల, దాని మీద తెల్లని సన్నగీతలతో త్రికోణం, ఇరవై మూడు చుక్కలు, మూడు చిన్న పులి బొమ్మలు, కింద ‘పులిజూదం’ అని అక్షరాలు. ల్యాప్‌టాప్ తెర నిండా చూస్తే ముచ్చటగా ఉంది. “బాగుందా మామా?” అని అడిగాడు. నేను లెక్క వేసి చూపించాను.

స్టోర్‌కి ఇచ్చే ఐకాన్ 512 పిక్సెల్స్ వెడల్పు, 512 ఎత్తు, పీఎన్‌జీ ఫైలు. మనం గీసేది ఆ కొలతలో. చూసేవాడు చూసేది మాత్రం ఆ కొలతలో కాదు. ఆండ్రాయిడ్‌లో హోమ్ స్క్రీన్ ఐకాన్‌కి మూల కొలత 48 డీపీ. డీపీ అన్నది తెర మీది కొలతలకి ఆండ్రాయిడ్ వాడే ప్రమాణం. అంగుళానికి 160 డీపీ కాబట్టి అది సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు. కొన్ని ఫోన్లు కాస్త పెద్దగా చూపిస్తాయి, అయినా చిటికెనవేలి గోరుకి అటూ ఇటూగానే ఉంటుంది. వాడు గీసిన గీత మందం 4 పిక్సెల్స్. 512 లో 4 అంటే ఏడున్నర మిల్లీమీటర్లలో 0.06 మిల్లీమీటరు. మంచి తెర ఉన్న ఫోన్‌లో ఆ ఐకాన్‌కి దొరికేది 144 పిక్సెల్స్, అంటే వాడి గీతకి దక్కేది ఒక్క పిక్సెల్. ఇక పేరు అక్షరాల గుడులూ కొమ్ములూ వేరుగా కనబడే ప్రశ్నే లేదు. పైగా ఐకాన్ పక్కనే స్టోర్ ఆ పేరుని పెద్ద అక్షరాలతో చూపిస్తుంది కదా, మళ్లీ బొమ్మలో దేనికి?

నమ్మకపోతే మీరే చూసుకోండి. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే రెండు వరుసలు చాలు:

```
magick icon.png -resize 48x48 chinna.png
magick icon.png -colorspace Gray boodida.png
```

మొదటిది బొమ్మని 48 పిక్సెల్స్‌కి కుదిస్తుంది. ఇది అసలు ఫోన్ కంటే కఠినమైన పరీక్ష, అందుకే మంచిది. దీన్ని పెద్దది చేసి చూడకండి, ఉన్నంతలోనే చెయ్యి చాచి చూడండి. రెండోది రంగులు తీసేసి బూడిద రంగులోకి మారుస్తుంది. దాని పని కాసేపట్లో తెలుస్తుంది.

48 లో వాడి బొమ్మ నల్లటి చతురస్రంలో తెల్లని మసకలా తేలింది. ఇంకో చిక్కు కూడా బయటపడింది. రాత్రిపూట ఫోన్ డార్క్ థీమ్‌లో ఉంటే స్టోర్ పేజీ నేల కూడా దాదాపు నలుపే. నల్లరాయి అందులో కలిసిపోయి అంచే లేకుండా పోయింది. సొంతూరి రాయి మీద వాడి అభిమానం నాకు అర్థమైంది కానీ, అభిమానం 48 పిక్సెల్స్‌లో కనబడదు.

రెండో ప్రయత్నం దీనికి పూర్తిగా అటు చివర. నెట్‌లో ఉచితంగా దొరికిన త్రీడీ పులి, నోరు తెరిచి గర్జిస్తోంది. చిన్న సైజులో కూడా స్పష్టంగా ఉంది, రంగు మెరిసిపోతోంది. దీన్ని నేనే వద్దన్నాను. ఆ బొమ్మ చూసి ఆట దింపుకున్నవాడు అడవి, వేట, పరుగు అనుకుని వస్తాడు. లోపల గీతలూ గళ్లూ కనబడగానే అదే నిమిషంలో తీసేస్తాడు, పోతూ పోతూ ఒక్క చుక్క వేసి పోతాడు. ఐకాన్ చెప్పే అబద్ధానికి శిక్ష రేటింగ్‌లో పడుతుంది, తర్వాత ఐకాన్ మార్చినా ఆ చుక్కలు పోవు. ఉచితంగా దొరికిన బొమ్మని వాడుకునే హక్కు నిజంగా ఉందో లేదో అన్నది ఇంకో తలనొప్పి.

అప్పుడు కూర్చుని ఆలోచించాం. పటం మొత్తం పట్టదు, ఉత్త పులి సరిపోదు. ఈ ఆటని ఇంకే ఆటతోనూ పొరపడకుండా చూపే తునక ఏది? త్రికోణం కొన. మా ఊళ్లో ఆట మొదలయ్యేటప్పుడు ఒక పులి అక్కడే కూర్చుంటుంది. కాబట్టి పైన పులి ముఖం ఒక్కటే, దాని కింద నుంచి రెండు పక్కలకీ దిగే రెండు లావు గీతలు. అంతే. గీత మందం 24 పిక్సెల్స్ కంటే తగ్గకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. అది 144 పిక్సెల్స్ ఐకాన్‌లో ఆరేడు పిక్సెల్స్ అవుతుంది, కంటికి ఆనుతుంది. ఇది స్టోర్ పెట్టిన నియమం కాదు, నా సొంత కొలత.

మూడో ఐకాన్ అలా తయారైంది. నేలకి ఆకుపచ్చ, పులికి నారింజ రంగు. రంగుల్లో చూస్తే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉన్నాయి. బూడిద పరీక్ష చేస్తే మాత్రం పులి మాయం. వాడు ఎంచుకున్న ఆకుపచ్చ, నారింజ వెలుగులో ఒకటే స్థాయి, తేడా అంతా రంగులోనే ఉంది. ఎర్ర, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లకీ, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకీ అలాంటి బొమ్మ అతుక్కుపోయినట్టు కనబడుతుంది. అనంతపురం బస్టాండులో మధ్యాహ్నం ఫోన్ తీసి చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది. ఆకుపచ్చని బాగా ముదురు చేశాం, పులిని పసుపు వైపు జరిపాం. బూడిదలో కూడా పులి తేలింది.

చివరి పరీక్ష మా అమ్మ. ఫోన్‌లో ఒక పేజీలో ఎనిమిది ఐకాన్ల మధ్య దీన్ని పెట్టి, ఏమీ చెప్పకుండా చేతికిచ్చాడు. “ఇందులో ఆట ఏదో చెప్పు అవ్వా.” ఆమె వెంటనే వేలు పెట్టింది కానీ, “ఈ పిల్లి బొమ్మేనా?” అంది. నవ్వుకున్నాం, నవ్వు తర్వాత పని పడింది. చెవులు కోసుగా ఉన్నాయి, చారలు సన్నగా ఉండి మాయమయ్యాయి. చెవులు గుండ్రంగా చేసి, నుదుటి మీద మూడే మూడు లావు చారలు పెట్టాడు. అదే నాలుగోది. మీ ఇంట్లో కూడా ఇలా ఒకరు ఉంటారు. వాళ్లని ‘బాగుందా’ అని అడగకండి, బాగుందనే అంటారు. ‘ఇదేమిటి’ అని అడగండి.

గీసేటప్పుడు మూలలు మీరు గుండ్రం చేయొద్దు. చతురస్రం నిండా రంగు పూసి ఇవ్వండి, మూలలు స్టోరే కోస్తుంది, నీడ కూడా అదే వేస్తుంది. మీరూ కోస్తే అంచున తెల్లని సందులు వస్తాయి. ఇక ఫోన్‌లో కూర్చునే ఐకాన్ వేరే ఫైలు, అది యాప్‌లోపల ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి అది రెండు పొరలు, నేల ఒకటి, బొమ్మ ఒకటి. ఒక్కో పొర 108 డీపీ. ఒక ఫోన్ దాన్ని గుండ్రంగా కోస్తుంది, ఇంకోటి చతురస్రంగా. ఎవరు ఎలా కోసినా తెగకుండా ఉండేది నడిమధ్య 66 డీపీ వలయం మాత్రమే. 432 పిక్సెల్స్ బొమ్మలో అది 264 పిక్సెల్స్. మావాడు స్టోర్ బొమ్మనే తెచ్చి ఇక్కడ అతికించాడు, వాళ్ల నాన్న ఫోన్‌లో పులికి చెవులు తెగిపోయాయి. ఐకాన్ మార్చిన ప్రతిసారీ రెండు చోట్లా మార్చాలి. లేకపోతే స్టోర్‌లో పచ్చని ఐకాన్ చూసి దింపుకున్నవాడు ఫోన్‌లో నల్లదాన్ని గుర్తుపట్టలేడు.

ఇప్పుడు పేరు. దీనికి 30 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మన కంటికి ‘పులిజూదం’ నాలుగు అక్షరాలు. కంప్యూటర్ గుడిని, కొమ్మును, సున్నాను విడివిడిగా లెక్కపెడుతుంది. పైథాన్‌లో చూడండి:

```
print(len("పులిజూదం"))
```

వచ్చే జవాబు 8. మావాడు మొదట అనుకున్న పేరు ‘మన రాయలసీమ పులిజూదం పల్లె ఆట ఉచితం’. కంటికి ఖాళీలతో కలిపి 23, లెక్కకి 34. పెట్టె ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా ‘ఉచితం’ ఉండకూడదు. ధర, ర్యాంకు, ‘నంబర్ వన్’, ‘వెంటనే దింపుకోండి’ లాంటి మాటలు పేరులోనూ ఐకాన్‌లోనూ పెట్టొద్దని గూగుల్ నియమం. చివరికి ‘పులిజూదం: పులి మేక ఆట’ అని పెట్టాం, లెక్కకి 21. రెండు పేర్లూ ఎందుకంటే, ఈ ఆటని కొందరు పులిజూదం అంటారు, కొందరు పులి మేక అంటారు. ఎవరు ఏ పేరుతో వెతికినా తగలాలి.

ఇంకో చిన్న సంగతి. మన దగ్గర చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాళ్లకి స్టోర్ చూపేది ఇంగ్లీషు లిస్టింగ్, అంటే యాప్ పేరూ వివరాలూ ఇంగ్లీషులో ఉన్న పేజీ. కాబట్టి తెలుగు లిస్టింగ్ ఒకటి, ఇంగ్లీషులో `Pulijudam: Puli Meka` అని ఇంకొకటి, రెండూ నింపండి.

పేరు కింద వచ్చే `Short description` కి 80 అక్షరాలు. ఇక్కడ విశేషణాలు వద్దు, వచ్చినవాడి అనుమానాలు తీర్చండి. వాడి అనుమానాలు ఏమిటి? ఇది మనం ఆడిన ఆటేనా, ఒక్కడినే ఆడాలా, డేటా అవుతుందా. మేం రాసింది ఇది: ‘3 పులులు, 15 మేకలు. ఒకే ఫోన్ మీద ఇద్దరు ఆడొచ్చు. నెట్ అక్కర్లేదు.’ లెక్కకి 65. ‘ఫోన్‌లో’ అనకుండా ‘ఫోన్ మీద’ అన్నది కావాలనే. పొల్లు తర్వాత ‘లో’ విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది, అదీ లెక్కలోకి వస్తుంది. కొన్ని కీబోర్డుల్లో అది పడక ‘ఫోన్లో’ అని అతుక్కుపోతుంది.

అభ్యాసం: మీ ఐకాన్‌ని 48 పిక్సెల్స్‌కి కుదించండి, బూడిద చేయండి. మీ యాప్ లాంటి వాటిని స్టోర్‌లో వెతికి, ఆ వరుసని స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఒక ఐకాన్ మీద మీది అతికించండి. తెల్ల నేల మీద ఒకసారి, డార్క్ థీమ్‌లో ఒకసారి. ఆ బొమ్మని యాప్ సంగతి తెలియని ముగ్గురికి చూపించి, వాళ్లు మొదట అన్న మాట ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పారేయకండి. వచ్చే పాఠంలో స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు, మొదటి దాంట్లో ఏం చూపించాలో దాన్ని బట్టే తేలుద్దాం.