ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టే ముందు: గంట రేటు లెక్కలో జాగ్రత్తలు

ఉద్యోగం వదిలి ఫ్రీలాన్స్ పనిలోకి వచ్చేవాళ్లు మొదటి ఆరు నెలల్లో ఇబ్బంది పడటానికి పని దొరకకపోవడం ఒక్కటే కారణం కాదు. పని దొరికినా డబ్బు చాలనివాళ్లు చాలామంది ఉంటారు. గంటకు ఎంత తీసుకోవాలో తేల్చిన లెక్క మొదట్లోనే తప్పిపోవడం వల్ల అలా జరుగుతుంది. అందుకే రాజీనామా పత్రం ఇవ్వకముందే, ఒక సాయంత్రం కూర్చుని ఈ లెక్క పూర్తిగా వేసుకోమని కోరుతున్నాను.

హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్ డిజైనర్ ఉన్నారనుకుందాం. నెలకు 50,000 రూపాయలు చేతికొస్తున్నాయి. సొంతంగా పనిచేసినా ఏడాదికి 6,00,000 ఇంటికి రావాలన్నది లక్ష్యం. చాలామంది 50,000ను 25 రోజులతో, తర్వాత 8 గంటలతో భాగించి, గంటకు 250 చాలనుకుంటారు. ఈ రేటుతో ఒప్పుకున్న పనులు ఎన్ని చేసినా ఆ జీతం తిరిగి రాదు. ఎందుకో చూద్దాం.

లెక్క ఇంట్లో కావలసిన డబ్బు దగ్గర మొదలవ్వాలి. ఆ 6,00,000కు ఇంతకాలం ఉద్యోగం వల్ల అమరినవి కలపాలి. ప్రావిడెంట్ ఫండ్‌కు ఉద్యోగి వాటా, సంస్థ వాటా కలిపి నెలకు 5,000 జమ అయ్యేదనుకుంటే ఏడాదికి 60,000. కుటుంబానికి ఆరోగ్య బీమా ప్రీమియం 30,000 వేసుకుందాం. ఇప్పటికి 6,90,000 అయింది. ఆ తర్వాత పని ఖర్చులు. 90,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్లు పనిచేస్తే ఏడాదికి 30,000. డిజైన్ సాఫ్ట్‌వేర్ చందాలకు 30,000. ఇంటర్నెట్, ఫోను, కరెంటు బిల్లులకు 30,000. ఆడిటర్ ఫీజు, క్లయింట్ల దగ్గరకు ప్రయాణాలు, చిల్లర ఖర్చులకు మరో 30,000. మొత్తం 8,10,000. ఈ అంకెల స్థానంలో మీ సొంత అంకెలు వేసుకోండి, కానీ ఏ వరుసనూ వదిలేయకండి. ముఖ్యంగా ల్యాప్‌టాప్‌ను. అది ఇప్పటికే ఉంది కదా అని లెక్కలో రాయనివాళ్లు, అది పాడైన నెలలో అప్పు చేయాల్సి వస్తుంది.

రాసిన బిల్లులన్నీ వసూలు కావు. కొందరు క్లయింట్లు కొంత తగ్గించి ఇస్తారు, కొందరు ఫోను ఎత్తడం మానేస్తారు. పదిశాతం పోతుందని ముందే అనుకోవడం మంచిది. అయితే 8,10,000కు పదిశాతం కలిపితే 8,91,000 అవుతుంది. అందులో పదిశాతం పోతే మిగిలేది 8,01,900 మాత్రమే. 8,10,000ను 0.9తో భాగించాలి. అప్పుడు ఏడాదికి 9,00,000 బిల్లు చేయాలని తేలుతుంది.

ఆదాయపు పన్ను విషయంలో ఈ ఉదాహరణకు కొంత ఊరట ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయంపై రిబేటు వల్ల పన్ను పడదు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి మన రాష్ట్రాల్లో ఏడాదికి 20 లక్షలు కాబట్టి అదీ వర్తించదు. కానీ కంపెనీలు వృత్తి ఫీజు చెల్లించేటప్పుడు, ఏడాది మొత్తం 50,000 దాటితే, సాధారణంగా పదిశాతం టీడీఎస్ పట్టుకుంటాయి. అది రిటర్ను వేశాక తిరిగి వస్తుంది. అంటే మన డబ్బే, కాకపోతే చాలా నెలలు చేతిలో ఉండదు. మీ లక్ష్యం పెద్దదై ఆదాయం 12 లక్షలు దాటేట్లుంటే, పన్నును కూడా పై వరుసల్లో కలిపి మళ్లీ లెక్క వేయాలి.

ఇక గంటలు. 365 రోజుల్లోంచి 52 ఆదివారాలు, 26 శనివారాలు తీసేయండి. పండుగలకు 15, సెలవులకు 15, జ్వరాలకూ ఇంట్లో శుభకార్యాలకూ 12 తీసేస్తే 245 పనిరోజులు మిగులుతాయి. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా ఎనిమిది గంటలకూ డబ్బు రాదు. కొత్త క్లయింట్లతో మాటలు, కొటేషన్లు, బాకీల కోసం ఫోన్లు, ఫైళ్లు సర్దుకోవడం, కొత్త పద్ధతులు నేర్చుకోవడం, ఇవన్నీ పనే అయినా వీటికి ఎవరూ బిల్లు కట్టరు. బిల్లు పెట్టగలిగే గంటలు రోజుకు నాలుగు అనుకోవడం క్షేమం. అలా ఏడాదికి 980 గంటలు. 9,00,000ను 980తో భాగిస్తే 918. పైకి సవరించి, గంటకు 920 కనీస రేటుగా పెట్టుకోండి. మొదట అనుకున్న 250తో ఇన్నే గంటలు పనిచేస్తే, ప్రతి బిల్లూ వసూలైనా 2,45,000 వస్తుంది. అందులో పని ఖర్చులకే 1,20,000 పోతుంది.

రోజుకు నాలుగు గంటలన్న అంకెను నమ్మకంతో కాక కొలిచి ఖాయం చేసుకోవాలి. మీ ఉద్యోగ ఒప్పందం బయటి పనికి అనుమతిస్తే, మానేసే ముందే ఒకటి రెండు చిన్న పనులు చేసి, మొదటి ఫోను నుంచి చివరి ఫైలు పంపేదాకా ప్రతి నిమిషం రాసి పెట్టండి. ఒక క్లినిక్ వెబ్‌సైట్ డిజైన్‌కు 25 గంటలు పడుతుందని 25,000 చెప్పారనుకోండి. గంటకు వెయ్యి, బాగానే ఉంది. మార్పులు, మళ్లీ మార్పులు కలిసి 38 గంటలైతే అది గంటకు 658కి పడిపోతుంది. మొత్తానికి ఒకే ధర చెప్పే పనుల్లో నష్టం ఇలాగే కనపడకుండా జరుగుతుంది. మార్పులు రెండుసార్ల వరకేనని, ఆపై గంట లెక్కన అదనమని కొటేషన్‌లోనే రాయండి.

నెలవారీ పనిని మాత్రం 980ని పన్నెండుతో భాగించి నిర్ణయించకండి. సంక్రాంతి ఉన్న జనవరిలోనూ, దసరా దీపావళి రోజుల్లోనూ మీకు సెలవులు, క్లయింట్లకు సెలవులు. పది నెలలకే పంచితే నెలకు 98 గంటలు, అంటే దాదాపు 90,000 రూపాయల బిల్లులు. 40 గంటల పనులైతే నెలకు రెండున్నర. అన్ని పనులు ఎక్కడి నుంచి వస్తాయో పేర్లతో రాయగలుగుతున్నారా? రాయలేకపోతే ఇంకా కొన్నాళ్లు ఉద్యోగంలో ఉండటమే మంచిది.

చేతిలో ఉండాల్సిన నిల్వ కూడా ఇందులోంచే తేలుతుంది. మొదటి నెల పని వెతకడానికి, రెండోది చేయడానికి పోతే, బిల్లు డబ్బు రావడానికి మరో నెలన్నర పట్టవచ్చు. చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం చెబుతోంది. ఆ నమోదు ఉచితం, ముందే చేయించుకోండి. ఇంటికి 50,000, పని ఖర్చులకు 10,000 చొప్పున నాలుగు నెలలకు 2,40,000 పక్కన ఉండాలి. బీమా ప్రీమియం దీనికి అదనం.

మార్కెట్‌లో 920 ఎవరూ ఇవ్వరని అనిపిస్తే, బిల్లు గంటలను రోజుకు ఏడు చేసి లెక్క సరిపెట్టకండి. దయచేసి ఆ ఒక్క పని చేయకండి; కాగితం మీద రేటు 525కు దిగుతుంది, ఒంట్లో శక్తి మాత్రం రెండు నెలలకే అయిపోతుంది. లక్ష్యాన్ని మొదటి ఏడాదికి తగ్గించుకోండి, లేదా ఎక్కువ ధర పలికే పనివైపు మళ్లండి: విడివిడి పోస్టర్లకు బదులు ప్యాకేజింగ్, నెలవారీ ఒప్పందాలు. మొదలుపెట్టాక ప్రతి మూడు నెలలకు రెండు అంకెలు చూడండి. బిల్లు చేసిన గంటలు 980లో నాలుగో వంతైన 245 కన్నా తక్కువైతే మీకు కావలసినవి క్లయింట్లు. గంటలు సరిపోయి, వచ్చిన డబ్బును వాటితో భాగిస్తే, 920లో పదిశాతం పోగా మిగిలే దాదాపు 830 కన్నా తక్కువ వస్తే లోపం ధరలోనో వసూళ్లలోనో ఉంది. అప్పుడు కొత్త పని ఒప్పుకునే ముందు పాత కొటేషన్లు తీసి, ఏ పనికి అనుకున్నదానికన్నా ఎన్ని గంటలు ఎక్కువ పట్టాయో చూడాలి.