బ్యాకప్ కోడ్లు ఆ ఫోన్లోనే దాచకండి

గేమ్ అకౌంట్‌కి లాగిన్ కోడ్లు ఇచ్చే అథెంటికేటర్ యాప్ పెట్టగానే, అది పోతే వాడుకోవడానికి బ్యాకప్ కోడ్లు చూపిస్తే, చాలామంది స్క్రీన్‌షాట్ తీసి ఊరుకుంటారు. నేనూ అంతే. ఫోన్ నీళ్లలో పడ్డాక తెలిసింది, అథెంటికేటర్, కోడ్లు రెండూ ఒకేసారి పోయాయని. సపోర్ట్‌కి పాత బిల్లులు పంపి అకౌంట్ తిరిగి తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు కోడ్లు కాగితం మీద రాసి, పైన అకౌంట్ పేరు, తేదీ వేసి సర్టిఫికెట్ల ఫైల్లో పెడుతున్నాను. స్టీమ్‌లో అయితే R తో మొదలయ్యే రికవరీ కోడ్ ఇస్తారు, దాన్నీ రాసుకోండి. చాలా చోట్ల ఒక్కో బ్యాకప్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడినదాన్ని కొట్టేయండి. కొత్త సెట్ తీసుకుంటే పాతవి సాధారణంగా చెల్లవు, ఆ కాగితం చించేయండి.

సెటప్ అయ్యాక కంప్యూటర్‌లో లాగవుట్ చేసి, అథెంటికేటర్ కోడ్‌తో మళ్లీ లాగిన్ అయి చూడండి. ఫోన్లో మాత్రం లాగిన్ అలాగే ఉంచండి. ఆరంకెల కోడ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంటే ఫోన్ టైమ్ తేడాగా ఉందేమో చూసి, ఆటోమేటిక్‌లో పెట్టండి. ఆ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి గడియారాన్ని బట్టే మారుతుంది.

పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీ పెట్టుకున్నా, బ్యాకప్ కోడ్ల కాగితం పారేయకండి.